దుష్యంతుడు మరిచిపోలేదు: భారతంలో ప్రేమ, వెబ్ సిరీస్‌లో ప్రేమ

కడప హిమ రాసినది:

అందరికీ నమస్కారం. గత శని, ఆదివారాల్లో చెల్లెలితో కలిసి ఒక ప్రేమకథ వెబ్ సిరీస్ చూశాను. 8 భాగాలు. ఆరో భాగంలో అబ్బాయి పంపిన సందేశాన్ని అమ్మాయి వాళ్ళ అమ్మ ఫోనులోంచి తీసేస్తుంది. అక్కడి నుంచి చివరి భాగం దాకా ఇద్దరూ ఒకరినొకరు అపార్థం చేసుకుని ఏడుస్తూ ఉంటారు. చివర్లో ఆ సందేశం బయటపడుతుంది, ఇద్దరూ కలుస్తారు.

చూడటం అయ్యాక చెల్లెలు, "కనీసం వీళ్ళు ప్రేమించుకున్నారక్కా. నువ్వు చదివే భారతంలో ప్రేమ ఎక్కడుంది? పెళ్లి, కొడుకు, రాజ్యం, అంతే కదా" అంది. నాకు వెంటనే జవాబు దొరకలేదు. శకుంతల కథ చెప్పబోయాను. "ఉంగరం పోయింది, మరిచిపోయాడు, దొరికింది, గుర్తొచ్చింది. ఇదీ అదీ ఒకటే కదా" అని నన్ను ఆపేసింది.

నిజంగా ఒకటేనా? పురాణేతిహాసాల్లో ప్రేమను చూపించే తీరుకూ, ఇప్పటి సిరీస్‌లలో చూపించే తీరుకూ అసలు తేడా ఎక్కడుంది? పవిత్రం, అపవిత్రం అనే చర్చ నాకు వద్దు. కథ నడిపే తీరులో తేడా ఏమిటో తెలిసినవారు చెప్పండి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు) రాసినది:

హిమ గారూ, మీ చెల్లెలు అన్నదాంట్లో సగం నిజముంది. కానీ పెద్ద తేడా ఒకటి వదిలేసింది. మన ఇతిహాసాల్లో ప్రేమికులను విడదీసేది విధి. దుర్వాసుడి శాపం వల్ల దుష్యంతుడు మరిచిపోయాడు, అతని తప్పు లేదు. సిరీస్‌లలో విడదీసేది మనుషుల అహంకారం, అనుమానం, పక్కవాళ్ళ కుట్ర. అందుకే పాత కథల్లో నాయకుడి మీద మనకు గౌరవం పోదు, కొత్త కథల్లో ఎవరి మీదా గౌరవం మిగలదు. నాకు తెలిసినంతలో తేడా ఇదే.

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

తుంగభద్ర గారూ, మీ ఆలోచన బాగుంది. కానీ దానికి పునాదిగా తీసుకున్న కథ భారతంలోది కాదు. ఉంగరం, దుర్వాసుడు, చేప కడుపు, జాలరి, ఇవన్నీ కాళిదాసు నాటకంలో వచ్చినవి. వ్యాస భారతం ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. మన నన్నయ గారి ఆదిపర్వం నాలుగో ఆశ్వాసంలోనూ లేవు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. ఈ ఒక్క విషయం ఎన్ని తరగతుల్లో చెప్పినా, పిల్లలు ఇంటికి వెళ్ళి ఉంగరం కథే చెప్పేవారు. అది అంతగా మనసుల్లో నాటుకుపోయింది.

భారతంలో జరిగింది ఇది. దుష్యంతుడు వేటకు వచ్చి మాలినీ నది ఒడ్డున కణ్వుడి ఆశ్రమంలోకి ఒంటరిగా వెళతాడు. కణ్వుడు పండ్లు తేవడానికి వెళ్ళాడు. శకుంతల ఎదురొచ్చి అతిథి మర్యాద చేస్తుంది. ఆమె ఎవరో తెలుసుకున్నాక రాజు అక్కడికక్కడే పెళ్లి మాట ఎత్తుతాడు. ఆమె, "తండ్రి ఇప్పుడే వస్తాడు, ఆయనే నన్ను నీకు ఇస్తాడు, కాసేపు ఆగు" అంటుంది. అతను ఆగడు. పెళ్లి ఎనిమిది రకాలని చెప్పి, గాంధర్వం క్షత్రియుడికి తగినదేనని, ఎవరికి వారే బంధువని, నిన్ను నీవే ఇచ్చుకోవచ్చని వాదిస్తాడు. అప్పుడు శకుంతల ఒక షరతు పెడుతుంది: నాకు పుట్టే కొడుకే నీ తర్వాత రాజు కావాలి, అది సత్యంగా చెప్పు, అప్పుడే ఒప్పుకుంటాను. సంస్కృత మూలంలో దుష్యంతుడు ఆలోచించకుండానే "అలాగే" అన్నాడని ఉంది. ఆ "ఆలోచించకుండా" అనే మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

తర్వాత సేనను పంపి పిలిపించుకుంటానని మాట ఇచ్చి వెళతాడు. పంపడు. కొడుకు పుడతాడు, ఆరేళ్ళకే అడవి మృగాలను చెట్లకు కట్టేస్తాడు. యువరాజు కావలసిన వయసు వచ్చిందని కణ్వుడు తల్లీకొడుకులను హస్తినకు పంపుతాడు. సభలో శకుంతల తన మాట చెబుతుంది. మూలంలో వాక్యం స్పష్టంగా ఉంది: రాజుకు గుర్తుంది, గుర్తుండి కూడా "నాకు గుర్తులేదు" అన్నాడు.

తేడా అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది, హిమ గారూ. భారతంలో దుష్యంతుడు మరిచిపోలేదు.

కడప హిమ రాసినది:

పంతులు గారూ, ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నేను ఎంఏ తెలుగు కాకపోయినా భారతం కథలు బాగానే చదివాననుకున్నాను. గుర్తుండి లేదన్నాడంటే, అప్పుడు అది పూర్తిగా వేరే ప్రేమకథ. శాపం ఎందుకు చేర్చారు మరి?

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

నాటకానికి నాయకుడు కావాలమ్మా. ధీరోదాత్తుడైన రాజు, కట్టుకున్న దాన్ని నిండు సభలో తెలిసి తెలిసీ కాదంటే ప్రేక్షకుడు అతన్ని నాయకుడుగా ఒప్పుకోడు. శాపం వచ్చి ఆ నింద మోసింది. దాంతో నాటకం నడిపే అంశం కూడా మారింది. భారతంలో కథ "మాట ఇచ్చావు, నిలబెట్టుకుంటావా లేదా" అన్నదాని మీద నడుస్తుంది. నాటకంలో "మరిచిపోయాడు, ఎప్పుడు గుర్తొస్తుంది" అన్నదాని మీద నడుస్తుంది. మొదటిదాంట్లో ఆమె వాదించాలి. రెండోదాంట్లో ఇద్దరూ బాధపడాలి. కాళిదాసు ఆ బాధను ఎంత అందంగా రాశాడో చెప్పనక్కరలేదు, ఆయన్ను నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరు చూసిన సిరీస్‌లో ఫోనులోంచి తీసేసిన సందేశం ఉంది చూశారా, అది దుర్వాస శాపానికి వారసురాలు. ప్రేమికులిద్దరి మీదా నింద పడకుండా విడదీయడానికి అదొక ఉపాయం. మీ చెల్లెలు "ఇదీ అదీ ఒకటే" అన్నది కాళిదాసు విషయంలో తప్పు కాదు.

నంద్యాల మాధవి రాసినది:

నమస్తే అండీ. ఇంట్లో పదేళ్ళ పాప ఉంది. పిల్లలతో కలిసి చూడదగ్గ ప్రేమకథ సిరీస్‌లు ఏమైనా ఉంటే చెప్పండి. పురాణాల మీద తీసినవైతే ఇంకా మంచిది.

కడప హిమ రాసినది:

మాధవి గారూ, ఇక్కడి ప్రశ్న అది కాదండీ, కానీ ఒక్క మాట చెబుతాను. సినిమాకు ఉన్నట్టు సిరీస్‌లకు సెన్సారు బోర్డు ధ్రువపత్రం ఉండదు. 2021 నియమాల ప్రకారం చూపించే సంస్థే వయసును బట్టి వర్గం వేయాలి: అందరికీ, 7 దాటినవారికి, 13 దాటినవారికి, 16 దాటినవారికి, పెద్దలకు మాత్రమే. మొదలయ్యేటప్పుడు తెర మీద ఆ గుర్తు కనిపిస్తుంది. మీ పాపకు మొదటి రెండింటిలోనే వెతకండి.

అనంత కలం (అనంతపురం, ఇప్పుడు హైదరాబాద్) రాసినది:

నేను నాలుగేళ్ళుగా సిరీస్‌లకు రచనా సహాయకుడిగా పని చేస్తున్నాను. రాసే బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెబితే మీ చర్చకు పనికొస్తుందేమో.

మాకు ముందు ఇచ్చేది కథ కాదు, కొలత. 8 భాగాలు, ఒక్కోటి 35 నుంచి 40 నిమిషాలు. అంటే దాదాపు అయిదు గంటలు. ప్రతి భాగం చివర ఒక కొక్కెం ఉండాలి. చూసేవాడు ఆపకుండా తర్వాతి భాగంలోకి వెళ్ళాలి. ఇద్దరు ప్రేమించుకుంటున్నారు, ఇద్దరూ మంచివాళ్ళు, మాట్లాడుకుంటే అయిపోతుంది అనుకోండి, మూడో భాగంలోనే కథ అయిపోతుంది. అందుకని వాళ్ళు మాట్లాడుకోకుండా చేయడమే మా పని అవుతుంది. ఫోను పోవడం, సందేశం అందకపోవడం, సగం మాట విని అపార్థం చేసుకోవడం. ఇవి మాకు ఇష్టమై రాసేవి కావు. అయిదు గంటలు నింపాలి కనుక రాస్తాం.

పంతులు గారు చెప్పిన కథను నిన్న రాత్రి మా లెక్కలో వేసి చూశాను. మొదటి భాగం: వేట, ఆశ్రమం, చివరి నిమిషంలో ఆమె ముఖం. రెండు, మూడు: ఒకరినొకరు చూసుకోవడం, సఖులు, పాటలు. నాలుగు: పెళ్లి. అయిదు: అతను వెళ్ళిపోవడం, ఎదురుచూపు. ఆరు: ఆమె సభకు రావడం, "ఎవరు నువ్వు" అనడంతో ఆ భాగం ముగింపు. ఏడు: ఆమె ఒంటరితనం. ఎనిమిది: కలయిక. ఇలా వేస్తే సభ సన్నివేశానికి నాకు మిగిలింది ఆరో భాగం చివర 6 నిమిషాలు. ఇక షరతు పెట్టే సంభాషణ ఎక్కడా పట్టలేదు. ఆమె మొదట్లోనే రాజ్యం అడిగితే చూసేవాళ్ళకు ఆమె మీద ఇష్టం పోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను.

భారతంలో ఈ కథలో ఏ భాగానికి ఎంత చోటు ఇచ్చారు, పంతులు గారూ?

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

మంచి ప్రశ్న అడిగారు నాయనా. పూణే వారి పరిష్కృత ప్రతిలో ఈ ఉపాఖ్యానం ఎనిమిది అధ్యాయాలు. మీ ఎనిమిది భాగాలకు సరిపోయింది చూడండి. మొదటి మూడూ రాజు గొప్పతనం, వేట, ఆశ్రమ వర్ణన. తర్వాత రెండూ శకుంతల పుట్టుక, మేనక, విశ్వామిత్రుల కథ. ప్రేమ, షరతు, పెళ్లి, కణ్వుడు తిరిగి రావడం, ఇదంతా ఒకే ఒక్క అధ్యాయం. చివరి రెండు పెద్ద అధ్యాయాల్లో ముఖ్యమైనది సభ. వలపుకు ఇచ్చిన చోటుకు రెట్టింపు.

అంటే వాళ్ళ ప్రేమ మొత్తం తండ్రి పండ్లు తెచ్చేలోపు జరిగిపోతుంది. ఆ మాటకు ఏమవుతుందన్నదే కథ. ఎందుకలా? జనమేజయుడు తన వంశం గురించి అడిగితే వైశంపాయనుడు చెబుతున్న కథ ఇది. భరతుడు ఎవరి కొడుకు అన్నది తేలాలి. కనుక ప్రేమ ఎలా పుట్టిందన్నది వినేవాడికి ముఖ్యం కాదు, ఆ ప్రేమకు జవాబుదారీ ఎవరన్నది ముఖ్యం.

హిమ గారి చెల్లెలితో నేను ఇది చెబుతాను: భారతంలో ప్రేమ లేదనడం సరికాదు. ప్రేమను వాళ్ళు మొదటి చూపు దగ్గర వెతకలేదు, సభలో వెతికారు.

రాయచోటి నాగ రాసినది:

నేను సాహిత్యం చదివినవాడిని కాను. పంతులు గారు "ఆలోచించకుండా అలాగే అన్నాడు" అని రాసింది చదివి ఇది రాయాలనిపించింది.

మాది పెద్దలు కుదిర్చిన సంబంధమే. కానీ నిశ్చితార్థానికి ముందు ఆరు నెలలు ఫోనులో మాట్లాడుకున్నాం. నా భార్య ఒకే ఒక్క మాట అడిగింది. వాళ్ళ నాన్న లేరు, అమ్మ ఒక్కతే ఊళ్ళో ఉంటుంది, నడవలేని రోజు వస్తే మనతో ఉంచుకోవాలి అని. నేను ఆ క్షణంలోనే సరే అన్నాను. ఆ రోజు ఏది అడిగినా సరే అనేవాడినే. నాలుగేళ్ళ తర్వాత ఆ రోజు వచ్చింది. ఇల్లు చిన్నదన్నాను, మా అమ్మ ఒప్పుకోదన్నాను, "అప్పుడు ఏదో అన్నాను, అదంతా గుర్తులేదు" అని కూడా అన్నాను. గుర్తుంది. రెండేళ్ళు అలా గడిపాను. నా భార్య గొడవ చేయలేదు, నాతో మాట్లాడటం తగ్గించింది. చివరికి అత్తమ్మను తెచ్చుకున్నాం, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. కానీ ఆ రెండేళ్ళను నేను తిరిగి ఇవ్వలేను.

సిరీస్‌లో అయితే మాది నాలుగో భాగంలో పెళ్లితో అయిపోయేది.

కడప హిమ రాసినది:

నాగన్నా, ఇది ఇక్కడ రాసినందుకు మీకు కృతజ్ఞతలు. మా చెల్లెలికి మీ మాటలే చదివి వినిపించాను. మామూలుగా ఏదో ఒకటి అనేది, ఈసారి ఏమీ అనలేదు.

తుంగభద్ర ఒడ్డు రాసినది:

ఉంగరం విషయంలో నా పొరపాటు ఒప్పుకుంటున్నాను. ఆదిపర్వం తెచ్చుకుని మళ్ళీ చదివాను. కానీ ఒక అభ్యంతరం. తన కొడుకుకే రాజ్యం కావాలని ముందే అడిగిందంటే అది ప్రేమ ఎలా అవుతుంది? అది బేరం కదా? సిరీస్‌లో అమ్మాయి ఏమీ అడగకుండా వచ్చేస్తుంది. దాంట్లోనే ఎక్కువ ప్రేమ ఉందని నాకనిపిస్తోంది.

నల్లకోటు రెహానా (కడప) రాసినది:

నేను కుటుంబ వివాదాల కేసులు చూసే న్యాయవాదిని. తుంగభద్ర గారికి జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

అతను రాజు, ఆమె ఆశ్రమంలో ఒంటరిగా ఉన్న అమ్మాయి. తండ్రి వచ్చేదాకా ఆగమంటే ఆగలేదు. ఆ క్షణంలో ఆమె చేతిలో ఉన్నది ఒప్పుకోవడమా, కాదనడమా అన్నది ఒక్కటే. ఆమె ఆ ఒక్కదాన్ని పుట్టబోయే బిడ్డ కోసం వాడింది. తనకు నగ అడగలేదు, పట్టపురాణి పదవి అడగలేదు. దీన్ని బేరమంటే, తన బిడ్డ రేపు ఎవరూ లేనివాడు కాకూడదనుకునే ప్రతి తల్లీ బేరగత్తెనే.

నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది ఏమీ అడగకుండా నమ్మినవారే. పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండానే చేసుకుంటానని మాట ఇచ్చి శారీరక సంబంధం పెట్టుకోవడం కొత్త న్యాయ సంహితలో 69వ సెక్షను కింద నేరం, పదేళ్ళ దాకా శిక్ష ఉంది. 2024 జూలై నుంచి అమలులో ఉంది. కానీ కోర్టులో తేలాల్సింది ఏమిటి? మాట ఇచ్చే రోజునే అతనికి ఆ ఉద్దేశం లేదని తేలాలి. తర్వాత మనసు మారిందంటే కేసు నిలబడటం కష్టం. సందేశాల స్క్రీన్‌షాట్లు పట్టుకుని వస్తారు. వాటిని సాక్ష్యంగా పెట్టాలంటే చట్టప్రకారం ధ్రువపత్రం జత చేయాలి, ఫోను మార్చేసి ఉంటే ఇంకా ఇబ్బంది. మనిషి మనసులో ఆ రోజు ఏముందో ఆ చిత్రంలో ఉండదు.

పంతులు గారూ, శకుంతలకు సాక్షులెవరు? ఆశ్రమంలో ఇద్దరే ఉన్నారు కదా.

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

అమ్మా, సరిగ్గా అదే ఆమెను ఇరుకున పెట్టింది. నన్నయ గారి శకుంతల ఆ మాట నేరుగా అడుగుతుంది: తెలిసి తెలిసీ తెలియనివాడిలా ఎందుకు మాట్లాడతావు, నేను తప్ప ఎరిగినవారు ఇక్కడ లేరనా? ఆ తర్వాత సాక్షులను పేరు పేరునా చెబుతుంది. వేదాలు, పంచభూతాలు, ధర్మం, రెండు సంధ్యలు, అంతరాత్మ, యముడు, సూర్యచంద్రులు, పగలు, రాత్రి. మనిషి నడవడిని ఇవన్నీ చూస్తూనే ఉంటాయి అంటుంది. ఈ జాబితాలో అంతరాత్మ ఎక్కడ ఉందో చూడండి, సంధ్యలకూ యముడికీ మధ్యలో. నీ లోపలివాడు కూడా నా తరఫు సాక్షే అని రాజుతోనే చెబుతోంది. మీరు చెప్పిన చిత్రంలో పట్టనిది అదే.

మూలంలో దుష్యంతుడు ఆమెను దుష్ట తాపసి అంటాడు, ఆమె తల్లిని నిందిస్తాడు, పిల్లవాడు ఇంత కొద్ది కాలంలో ఇంత ఎలా పెరిగాడని అనుమానిస్తాడు. ఆమె కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోదు. ఇతరుల తప్పు ఆవగింజంతైనా చూస్తావు, నీ తప్పు మారేడుకాయంతైనా చూడవు అంటుంది. పుట్టిన రోజే తల్లిదండ్రులు వదిలేశారు, ఇప్పుడు నువ్వూ వదిలేస్తావా అంటుంది. ఆ సభంతా వినేలా. దీనికన్నా గట్టి ప్రేమ సన్నివేశం నాకు తెలియదు.

పెన్నా తీరం (తాడిపత్రి) రాసినది:

పంతులు గారూ, ఆ సభలోదే నూతుల పద్యం కదా? నేను రైతును. బడిలో బట్టీ పట్టినప్పుడు అర్థం కాలేదు, తర్వాత అయింది. మంచినీళ్ళున్న నూరు నూతుల కన్నా ఒక దిగుడుబావి మేలు, నూరు బావుల కన్నా ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కన్నా ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కన్నా ఒక నిజమైన మాట మేలు అని వస్తుంది.

మా జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఊళ్ళో నూతులు ఎండిపోయినా రాతిమెట్ల బావిలో అడుగున నీళ్ళు ఉండేవి. మా అమ్మ ఆ మెట్లు దిగి తెచ్చేది. అందుకని మెట్లు మెట్లుగా ఎక్కే ఆ పద్యంలో మొదటి మెట్టు నీళ్ళే కావడం నాకు వింతగా అనిపించదు. ప్రేమ గురించి మాట్లాడుతూ నీళ్ళతో మొదలుపెట్టి మాట దగ్గర ఆపింది.

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

అదే పద్యం. ఇంకొకటి గమనించండి. కొడుకు కోసం వచ్చిన తల్లి, నూరుగురు కొడుకుల కన్నా ఒక నిజం మేలంటోంది. రాజ్యం కోసమే వచ్చి ఉంటే ఆ మాట అనదు. బేరమన్న తుంగభద్ర గారికి శకుంతలే జవాబు చెప్పినట్టయింది.

ధర్మవరం బొమ్మలు రాసినది:

మా ప్రాంతం తోలుబొమ్మలాట గురించి ఒక మాట చేర్చనివ్వండి. మా తాతలు ఆడేవారు. మాకు దగ్గరలోని నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది.

రాత్రంతా సాగే ఆటలో సీతారాముల బొమ్మలు ఒకదాన్నొకటి దాదాపు తాకవు. వాళ్ళ మధ్య ఉన్నదంతా పాటలోనే. సరసం, అలక, కొట్లాట, ఇవన్నీ బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడి వంతు. జనం నిద్రపోకుండా వాళ్ళు మధ్యమధ్య వస్తారు. అనంత కలం గారు చెప్పిన కొక్కెం మా తాతలకూ కావాలి, తెల్లవారే దాకా జనాన్ని కూర్చోబెట్టాలి కదా. కానీ ఆ కొక్కేన్ని అసలు జంట మెడకు తగిలించలేదు, పక్కన వేరే బొమ్మలకు తగిలించారు. అందువల్ల సీత దుఃఖం వచ్చినప్పుడు దాన్ని సాగదీయాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు.

అనంత కలం రాసినది:

అన్నా, ఇది నాకు చాలా పెద్ద సాయం. కాలం నింపే పని పక్క జంటకు ఇచ్చేస్తే ముఖ్య జంట మధ్య దొంగ అపార్థం అక్కరలేదు. రేపు పనిలో ఈ మాట ఎత్తి చూస్తాను.

కానీ పంతులు గారితో నాకు ఒక పేచీ ఉంది. ఇతిహాసంలో తప్పు మనిషిదే, బయటి కారణం తర్వాతి కవులు తెచ్చినదే అన్నట్టు తేలుతోంది. మరి నలదమయంతుల కథ కూడా భారతంలోదే. అరణ్యపర్వం. అక్కడ నలుడు జూదమాడి, అడవిలో దమయంతి చీర సగం చింపుకుని, నిద్రపోతున్న ఆమెను వదిలి వెళ్ళిపోతాడు. తర్వాత కలి ఆవహించడం వల్ల అలా చేశానంటాడు. అది శాపం లాంటి సాకే కదా?

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

పేచీ సరైనదే. నా మాటను కొంత వెనక్కి తీసుకోవాలి. శకుంతల కథకు చెప్పింది భారతమంతటికీ వర్తించదు.

అయినా నలుడి కథలో కలి ఎలా ప్రవేశించాడో చూడండి. పన్నెండేళ్ళు సందు కోసం కాచుకున్నాడు. ఒకనాడు నలుడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్యకు కూర్చున్నాడు, అప్పుడు దొరికింది. బయటి కారణానికి కూడా లోపల ఒక సందు కావాలి. ఫోనులో సందేశం తీసేయడానికి ఎవరి లోపలా సందు అక్కరలేదు.

ఇంకా ముఖ్యం దమయంతి ఏం చేసింది అన్నది. బ్రాహ్మణులను దేశమంతా పంపి ఒకే మాట చెప్పిస్తుంది: సగం వస్త్రం చింపుకుని, నిన్నే నమ్మిన దాన్ని నిద్రలో వదిలి ఎక్కడికి వెళ్ళావు జూదరీ, అని. వినేవాళ్ళెవరికీ అర్థం కాదు, ఒక్కడికి తప్ప. అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉన్న కురూపి బాహుకుడు కంటనీరు పెట్టుకుని జవాబిస్తాడు. పర్ణాదుడు ఆ కబురు తెస్తాడు. అప్పుడామె ఋతుపర్ణుడికి మాత్రమే తన రెండో స్వయంవరం కబురు పంపిస్తుంది, అదీ మర్నాడే అని. అంత దూరం ఒక్క రోజులో రథం తోలగలవాడు నలుడు తప్ప లేడు. రథం వచ్చాక కూడా తొందరపడదు. కేశినిని పంపి అతను నీళ్ళు, నిప్పు ఎలా వాడుతున్నాడో చూడమంటుంది, అతను వండిన మాంసం తెప్పించి రుచి చూస్తుంది, పిల్లలను అతని ఎదుటకు పంపుతుంది. చేతి రుచి చూసి భర్తను పోల్చుకుంది. ఎదురుగా వచ్చాక, వదిలి ఎలా వెళ్ళావని అడగకుండా ఊరుకోలేదు. కలి పేరు చెప్పినంత మాత్రాన విషయం ముగిసిపోలేదు.

తుంగభద్ర ఒడ్డు రాసినది:

దమయంతి కథ నాకు బాగా తెలుసనుకున్నాను, వంట రుచి చూడటం మాత్రం గుర్తులేదు. బేరమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంకొకటి మిగిలింది. చివరికి శకుంతల మాట నిజమని సభను నమ్మించింది ఆకాశవాణి. ఆ వాణి పలికాక దుష్యంతుడు, నాకూ తెలుసు, జనం అనుమానిస్తారని ఇలా చేశాను అంటాడు. ఇంత వాదించిన ఆమెను చివరికి ఆకాశమే గట్టెక్కించాల్సి వచ్చిందా? ఇది కూడా సిరీస్ చివరి భాగంలో సందేశం బయటపడటం లాంటిదే కదా?

నల్లకోటు రెహానా రాసినది:

నాకైతే దుష్యంతుడి వివరణ మీద నమ్మకం లేదు. మొదటి నుంచీ ఒప్పుకోవాలనుకున్నవాడు ఆమె తల్లిని తిట్టాల్సిన పని లేదు. సాక్షి వచ్చాక మాట మార్చే ముద్దాయిలను నేను చూస్తూనే ఉంటాను.

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

నేను అంత దూరం వెళ్ళలేను రెహానా గారూ. రాజు తానొక్కడే ఒప్పుకుంటే, అడవి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి యువరాజును చేశాడన్న మాట భరతుడి మీద జీవితాంతం ఉండేది. ఆ భయం నిజమైనదే. కానీ తిట్లకు నా దగ్గర సమాధానం లేదు. తుంగభద్ర గారు అడిగినదానికి ఒక్క తేడా చెప్పగలను. ఆకాశవాణి కొత్త సంగతేమీ చెప్పలేదు, రాజుకు ముందే తెలిసినదాన్నే అందరికీ వినిపించింది. సందేశం బయటపడినప్పుడు మాత్రం ప్రేమికులకే కొత్త సంగతి తెలుస్తుంది. ఇది సరిపోతుందో లేదో మీరే చూసుకోండి.

కడప హిమ రాసినది:

నిన్న రాత్రి నన్నయ గారి సభా ఘట్టం తాత్పర్యంతో సహా చెల్లెలికి చదివి వినిపించాను. గంటకు పైగా పట్టింది. మధ్యలో ఫోను చూడలేదు. అయ్యాక అడిగింది: "అక్కా, ఇంతసేపూ ఆ పిల్లవాడు అక్కడే ఉన్నాడు కదా. తండ్రి నువ్వెవరో తెలియదన్నది విన్నాడు కదా. వాడేమన్నాడు?"

మళ్ళీ వెతికాను. సభలో అతనికి ఒక్క మాట కూడా దొరకలేదు. పంతులు గారూ, మీకు ఎక్కడైనా కనిపించిందా?

ప్రొద్దుటూరు పంతులు రాసినది:

లేదమ్మా. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, నేను ఆ పిల్లవాడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అనంత కలం రాసినది:

నేనైతే ఆరో భాగమంతా ఆ పిల్లవాడి కళ్ళతోనే రాస్తాను. సభ మొత్తం, 40 నిమిషాలు. ఈ రోజు నుంచే మొదలుపెడుతున్నాను. హిమ గారూ, చెల్లెలి ప్రశ్న వాడుకోవడానికి అనుమతి అడిగి చెప్పండి.